రాత ముందా, రంధ్రం ముందా: తాటాకు గ్రంథాలు, పాత పటాలు అసలువో కావో ఫొటోల్లో చూసి చెప్పే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అటకల మీద నుంచి తాటాకు కట్టలు ఇప్పటికీ బయటపడుతున్నాయి. బొబ్బిలి, సాలూరు, టెక్కలి, మందస వైపు పాత ఇళ్లు దింపినప్పుడు కనబడతాయి. వాటితో పాటు "మూడు వందల ఏళ్లనాటిది" అంటూ ఫోన్లో ఫొటోలు పంపి బేరం పెట్టేవాళ్లూ ఎక్కువయ్యారు. ఫొటోలు చూసి అసలుదో కాదో చెప్పమని చాలామంది అడుగుతున్నారు కాబట్టి, ఏ వరుసలో ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. "ఆకు పాతదేనా?" అన్న ప్రశ్న ఒక్కటే అడిగితే మోసపోతారు. పాత కట్టల్లో మొదట, చివర రాయని ఆకులు కొన్ని ఉంటాయి. అవి నిజంగా పాతవే. వాటి మీద ఇవాళ గంటం అనే ఇనుప మొనతో గీసి రాస్తే ఆకు అసలుది, రాత నకిలీది అవుతుంది. అందుకే అడగాల్సింది ఇది: ఆకు పాడైంది ముందా, దాని మీద రాసింది ముందా? కింది మెట్లన్నీ ఈ ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడానికే.

## 1. సరైన ఫొటోలు తెప్పించుకోండి

మామూలుగా వచ్చే ఫొటో ట్యూబ్‌లైట్ కింద పైనుంచి తీసినది. అందులో అక్షరాలు కనిపిస్తాయి, గంటం గీసిన గాడి కనిపించదు. దాన్ని చూసి ఏమీ తేల్చకండి. ఇవి పంపమని అడగండి:

- కట్ట మొత్తం, పక్క నుంచి. ఆకుల అంచులన్నీ, పై చెక్క, కింది చెక్క కనబడాలి.
- వరుసగా ఉన్న మూడు ఆకులు, రెండు వైపులా. పక్కన స్కేలు, ఒక తెల్ల కాగితం ముక్క పెట్టాలి. కాగితం లేకపోతే ఆకు అసలు రంగు తెలియదు.
- మొదటి ఆకు, చివరి ఆకు.
- తాడు రంధ్రం, పురుగు తిన్న రెండు మూడు చోట్లు, ఒక పగులు: బాగా దగ్గర నుంచి.
- పక్క వెలుతురులో రెండు ఫొటోలు. గది చీకటి చేసి, మరో ఫోన్ టార్చ్‌ని ఆకు పక్కన దాదాపు బల్లకు ఆనించి వెలిగించాలి. ఒకసారి ఎడమ నుంచి, ఒకసారి కింది వైపు నుంచి.
- ఆకు వెనక వెలుతురు పెట్టి ఒక ఫొటో.

ఫ్లాష్ వద్దని, ఫిల్టర్లు వద్దని చెప్పండి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే సన్నని వివరాలు చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌లా పంపమనండి.

ఆకును వంచొద్దని, తడిగుడ్డతో తుడవొద్దని, "అక్షరాలు బాగా కనబడాలని" నూనె రాయొద్దని కూడా చెప్పాలి. ఫొటో కోసం చేసే ఈ సాయమే మనం వెతికే గుర్తులను చెరిపేస్తుంది.

అమ్మే మనిషి పక్క వెలుతురు ఫొటో, పక్క నుంచి తీసిన కట్ట ఫొటో పదేపదే తప్పించుకుంటుంటే అక్కడితో ఆపేయండి. అవి తీయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

## 2. రంగు ఎక్కడ ముదిరిందో చూడండి

కట్టలో ఉన్న ఆకుకు వెలుతురు, దుమ్ము, చేతి జిడ్డు అంచుల నుంచి తగులుతాయి. అందుకే పాత కట్టలో అంచులు బాగా ముదురుగా ఉంటాయి. లోపలికి వచ్చేకొద్దీ రంగు తేలిక అవుతుంది. పైన, కింద ఉన్న ఆకులు మధ్య ఆకుల కన్నా నల్లబడతాయి.

టీ డికాషన్‌లో ముంచినా, పొగ పెట్టినా రంగు అలా రాదు. ఆకు ముఖం, అంచు, తాడు రంధ్రం లోపలి గోడ, పగులు లోపల బయటపడిన నార అన్నీ ఒకే గోధుమ రంగులో ఉంటాయి. ద్రవం నిలిచిన చోట మరక అంచు గీతలా కనబడుతుంది. కట్టలోని మొదటి ఆకూ ఇరవయ్యో ఆకూ ఒకే రంగులో ఉంటే అనుమానించాలి.

ఒక జాగ్రత్త. వంటింటి అటక మీద ఉన్న కట్టకు నిజంగానే పొగ పడుతుంది. కానీ ఆ పొగ కూడా బయటి నుంచే పడుతుంది కాబట్టి మధ్య ఆకులు తేలికగానే ఉంటాయి. అందుకే మధ్య ఆకు ఫొటో లేకుండా రంగు మీద మాట్లాడొద్దు.

## 3. పురుగు రంధ్రం దగ్గర అక్షరం తెగిందా, తప్పుకుందా

మొత్తం పరీక్షలో నేను ఎక్కువ నమ్మేది దీన్నే.

పురుగు కట్ట కట్టగా ఉండగా తింటుంది. ఒక ఆకు నుంచి పక్క ఆకుకు దారి చేసుకుంటూ పోతుంది. కాబట్టి వరుస ఆకుల్లో రంధ్రాలు దాదాపు ఒకే చోట ఉంటాయి, ఆకారం మాత్రం కొంచెం కొంచెం మారుతూ పోతుంది. స్కేలు పెట్టి తీసిన ఫొటోలు మూడు తీసుకుని, తాడు రంధ్రం నుంచి పురుగు రంధ్రానికి ఎన్ని మిల్లీమీటర్లో ప్రతి ఆకులో కొలవండి. కొలతలు ఒకదానికొకటి దగ్గరగా రావాలి. ఒక ఆకుకు మాత్రమే వేరే చోట రంధ్రాలుంటే అది వేరే కట్ట నుంచి వచ్చింది, లేదా ఆకుల వరుస మారింది.

తర్వాత రంధ్రం చుట్టూ ఉన్న అక్షరాలు చూడండి. ముందు రాసి తర్వాత పురుగు తింటే, పురుగు అక్షరాన్ని చూసి తప్పుకోదు. "మ" సగం పోతుంది, "క్ష" ఒత్తు పోతుంది, పదం మధ్యలో ఖాళీ పడుతుంది. ఆ అక్షరం ఏమై ఉంటుందో చదివేవాడు ఊహించుకోవాలి. అదే రంధ్రం ముందుంటే, రాసేవాడు దాన్ని దాటి రాస్తాడు. పదం ముక్కలు రంధ్రానికి అటూ ఇటూ పూర్తిగా ఉంటాయి, ఒక్క అక్షరం కూడా నష్టపోదు. వరుస కొద్దిగా పైకో కిందికో జరిగి, రంధ్రం దాటాక మళ్లీ దారిలోకి వస్తుంది.

తాడు కోసం చేసిన రంధ్రాన్ని ఇందులో కలపకండి. లేఖకుడు దాని చుట్టూ కావాలనే చోటు వదులుతాడు, అది సహజం.

ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఆకులో పుట్టుకతోనే మచ్చో ముడో ఉంటే లేఖకుడు దాన్ని కూడా తప్పించి రాస్తాడు. అలాంటి చోటు ఆ ఒక్క ఆకులోనే ఉంటుంది, ముందు వెనక ఆకుల్లో ఉండదు. పురుగు రంధ్రం అయితే పక్క ఆకుల్లో కూడా కనబడుతుంది. ఒకే పురుగు దారి 11, 13 ఆకుల్లో అక్షరాలను తినేసి, 12వ ఆకులో మాత్రం అక్షరాల మధ్య ఖాళీలోంచి పోయిందా? ఒకచోట అలా జరిగితే అదృష్టం అనుకోవచ్చు. నాలుగైదు చోట్ల జరిగితే ఆ 12వ ఆకు మీది రాత పురుగు తిన్న తర్వాతిదే.

వేడి సూదితోనో డ్రిల్లుతోనో చేసిన రంధ్రాలు గుండ్రంగా, ఒకే సైజులో, కట్ట అంతటా నిటారుగా పోతాయి. సూది అయితే చుట్టూ నల్లటి కాలిన అంచు ఉంటుంది. పురుగు దారి వంకరగా ఉంటుంది, కొన్నిచోట్ల ఆకు పైపొరను మాత్రమే గీకి వదిలేస్తుంది. ఆ గీకుడు దారి కింద గంటం గాడి కూడా తినబడి ఉంటే చాలా మంచి గుర్తు.

## 4. గంటం గాడి, మసి

మన వైపు తాటాకు మీద సిరాతో రాయలేదు. గంటంతో గీసి, దీపం మసిని నూనెతోనో ఆకు పసరుతోనో కలిపి రుద్ది, పైన తుడిచేసేవారు. మసి గాడిలో మాత్రమే మిగులుతుంది. ఒడిశా సరిహద్దు వైపు దొరికే ఒడియా లిపి ఆకులది కూడా ఇదే పద్ధతి.

పక్క వెలుతురు ఫొటోలో మొదట చూడాల్సింది అసలు గాడి ఉందా అని. గాడి లేకుండా నల్లటి అక్షరం ఆకు మీద తేలి ఉంటే అది పెన్నో ప్రింటో.

గాడి ఉంటే దాని అంచులు చూడండి. రాయడానికి సిద్ధం చేసిన కొత్త ఆకు మెత్తగా ఉంటుంది. గంటం దాని మీద నున్నగా పోతుంది. వంద రెండు వందల ఏళ్లు ఎండిన ఆకు పెళుసు. దాని మీద గీస్తే గాడి అంచులు చిట్లుతాయి, ముఖ్యంగా "ల", "ఠ" లాంటి గుండ్రని అక్షరాలు నార వరుసను అడ్డంగా కోసే చోట. చిట్లిన చోట లోపలి నార లేత రంగులో బయటపడుతుంది. ఎంత మసి రుద్దినా దగ్గరి ఫొటోలో ఆ చిన్న పెచ్చులు తెలుస్తాయి.

పగులును దాటే గాడి ఇంకా బాగా చెబుతుంది. రాశాక ఆకు పగిలితే గాడి పగులుకు ఇటు ఆగి అటు అదే వరుసలో మొదలవుతుంది. పగిలాక రాస్తే గంటం మొన పగులులో పడి జారుతుంది. గీత అక్కడ వంకర పోతుంది, లేదా పగులు అంచు విరుగుతుంది.

మసి విషయంలో తొందరపడొద్దు. పగుళ్లలోకి, పురుగు రంధ్రాల గోడల మీదకి మసి వెళ్లిందంటే మసి రుద్దింది ఆ నష్టం తర్వాతే. కానీ అసలు గ్రంథాలకు కూడా అక్షరాలు మళ్లీ కనబడాలని ఇంట్లోవాళ్లో, గ్రంథాలయం వాళ్లో మసి రుద్దుతారు. కాబట్టి పగుళ్లలో మసి ఒక్కటే చూసి నకిలీ అనకండి. మసి వయసు వేరు, గాడి వయసు వేరు. తీర్పు గాడి మీద చెప్పాలి.

## 5. అంచులు, తాడు రంధ్రం

వాడిన ఆకు మూలలు గుండ్రంగా అరుగుతాయి, నార విడిపోయి పీచులా నిలబడుతుంది. అంచు విరిగినచోట చివరి అక్షరాలు కూడా పోతాయి. అంచు విరిగి ఉన్నా ప్రతి వరుస చివరి అక్షరం భద్రంగా ఉంటే మళ్లీ అదే ప్రశ్న: విరిగింది ముందా?

తాడు రంధ్రం తాడు లాగే దిక్కుకు సాగుతుంది. ఏళ్ల తరబడి చదివిన కట్టలో రంధ్రం నిండు గుండ్రంగా ఉండదు, చుట్టూ నున్నటి ముదురు వలయం ఉంటుంది. కొత్త రంధ్రం గోడలు లేత రంగులో, పదునుగా కనబడతాయి.

కొన్నిసార్లు పెద్ద ఆకులను బ్లేడుతో కోసి "చిన్న గ్రంథం" చేస్తారు. మూడు అంచులు ముదురుగా, ఒకటి లేతగా ఉంటే కోసినట్టే.

## 6. తారీకును లెక్క కట్టండి

ఫొటోలో చదవగలిగితే చివరి ఆకు చాలా ఉపయోగం. లేఖకులు అక్కడ సంవత్సరం పేరు, మాసం, పక్షం, తిథి, వారం రాసేవారు. కొన్నిటిలో శాలివాహన శకం సంఖ్య కూడా ఉంటుంది.

శక సంఖ్యకు 78 కలిపితే ఆ ఉగాదికి మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. సంవత్సరం పేరు 60 ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది. 60 చొప్పున వెనక్కి వెళ్తే 1927, 1867, 1807, 1747 కూడా ప్రభవలే. శకం 1763 అని ఉంటే 1841 వస్తుంది. 1807 నుంచి లెక్కపెడితే అది ముప్పై ఐదో పేరు, ప్లవ. ఆకు మీద వేరే పేరుంటే ఆగి ఆలోచించాలి.

లిపిలో రెండు విషయాలు చాలు. పాత రాతలో పదాల మధ్య ఖాళీ ఉండదు, కామా, ప్రశ్నార్థకం ఉండవు. "ధర్మ" లాంటి మాటల్లో ర-కారాన్ని తరచూ తర్వాతి అక్షరం కుడి పక్కన వలపలగిలక అనే గుర్తుగా రాసేవారు. ఇవాళ్టి పాఠ్యపుస్తకంలా పదం పదం విడదీసి, చుక్కలు పెట్టి రాసిన ఆకు అచ్చుపుస్తకాలు చదివి పెరిగిన చేతిది.

## 7. ఒక ఉదాహరణ, మొదటి నుంచి చివరి దాకా

చీపురుపల్లి వైపు నుంచి ఒకాయన ఫొటోలు పంపారు. బొబ్బిలి యుద్ధం జరిగిన నాడే రాసిన ఆకులని అమ్మేవాడు చెప్పాడట. మొత్తం ఆరు ఆకులు, రెండు చెక్కలు.

మొదటి ఫొటోల్లో ఏ తప్పూ కనబడలేదు. అంచులు ముదురు, మధ్య లేత. తాడు రంధ్రాలు సాగి, నున్నగా ఉన్నాయి. పురుగు రంధ్రాల కొలతలు వరుస ఆకుల్లో కలిశాయి. ఆకులు నిజంగా పాతవే, ఒకే కట్టవే.

పక్క వెలుతురు ఫొటోలు అడిగాం. మూడో ఆకులో రెండో వరుస ఒక పురుగు రంధ్రం దగ్గర పైకి వంగి, దాటాక కిందికి దిగింది. అలాంటివి ఆరు ఆకుల్లో చాలా చోట్ల దొరికాయి, రంధ్రం వల్ల పోయిన అక్షరం ఒక్కటీ లేదు. నిలువు పగులు దాటే "ర" గీత పగులులో జారింది. గుండ్రని అక్షరాల పక్కన లేత పెచ్చులు లేచి ఉన్నాయి.

చివరి ఆకులో ఈశ్వర నామ సంవత్సరం, శకం 1679 అని ఉంది. రెండూ ఒకదానితో ఒకటి సరిపోతాయి, ఎందుకంటే 1679కి 78 కలిపితే 1757, ఆ ఉగాదికి మొదలైనది ఈశ్వరే. కానీ బొబ్బిలి యుద్ధం 1757 జనవరి 24న జరిగింది. జనవరి అంటే ఉగాదికి ముందు. అప్పటికి నడుస్తున్నది ధాత, శకం 1678. ఆ నాడు అక్కడే ఉండి రాసినవాడికి నడుస్తున్న సంవత్సరం పేరు తెలియకుండా ఉండదు. 1757 అన్న అంకెను పుస్తకంలో చూసి పట్టికలో వెతికినవాడు మాత్రం ఈశ్వర దగ్గరకే వస్తాడు.

తారీకు తప్పు ఒక్కటే ఉంటే, తర్వాత కాలంలో నకలు రాసినవాడి పొరపాటు కావచ్చని వదిలేసేవాళ్లం. రంధ్రాలు తప్పించిన వరుసలు, చిట్లిన గాడి, జారిన గీత అన్నీ ఒకే మాట చెప్పాయి. పాత కట్ట రాయని ఆకుల మీద కొత్త రాత. ఆయన కొనలేదు.

## 8. కాగితం, పాత పటాలు

ఊళ్లు, దారులు చూపే పాత పటాల్లో పూర్తి నకిలీ కన్నా, తర్వాత వేసిన నకలును అసలుదని అమ్మడం ఎక్కువ. ఇక్కడా వరుసే చూడాలి: మరక ముందా, అచ్చు ముందా?

వెనక వైపు ఫొటో తప్పనిసరి. పాత మరక కాగితంలోకి ఇంకుతుంది కాబట్టి వెనక కూడా అదే చోట ఏదో ఒక ఛాయ ఉంటుంది. ముందు వైపు మరకలు, మడతలు కనబడుతూ వెనక శుభ్రంగా ఉంటే, ఆ మరకను కూడా అచ్చు వేశారేమో చూడండి. బాగా దగ్గరి ఫొటోలో మరక, గీతలు, రంగులు అన్నీ సన్నని రంగు చుక్కలుగా విడిపోతే అది ఆధునిక ప్రింటు. రాగి రేకు మీద చెక్కి అచ్చు వేసిన పటంలో గీత నిండుగా, తెగకుండా ఉంటుంది. చుట్టూ రేకు నొక్కిన పల్లపు చట్రం పక్క వెలుతురులో కనబడుతుంది, అంచులు కత్తిరించకపోతే.

వెనక వెలుతురు ఫొటోలో కాగితాన్ని చూడండి. 18వ శతాబ్దం మధ్య వరకు యూరప్ కాగితంలో, కాగితం పోసిన తీగల జాలీ గుర్తులైన దగ్గరి గీతలు, వాటికి అడ్డంగా సుమారు రెండున్నర సెంటీమీటర్ల ఎడంలో గీతలు ఉంటాయి. అవి లేని నున్నటి కాగితం 1757 ప్రాంతంలో వచ్చి, శతాబ్దం చివరికి గానీ బాగా వాడుకలోకి రాలేదు. 1700 నాటి పటం నున్నటి కాగితం మీద ఉంటే నమ్మకండి. 365 నానోమీటర్ల అల్ట్రావయొలెట్ టార్చ్ కింద కాగితం నీలం తెలుపుగా మెరిస్తే, 1950 ప్రాంతం నుంచి కలుపుతున్న తెల్లదనం రసాయనం ఉన్నట్టు. మెరవకపోతే మాత్రం పాతదని రుజువైనట్టు కాదు.

మన ప్రాంతపు పటాలకు పేర్లే పెద్ద సాక్ష్యం:

- పాత ఇంగ్లీషు పటాల్లో శ్రీకాకుళం "చికాకోల్".
- శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి.
- ఒరిస్సా వేరే ప్రావిన్స్ అయింది 1936లో. అంతకు ముందు గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా.
- బెజవాడ నుంచి కటక్ దాకా రైలు దారి 1893–96 మధ్య వచ్చింది. 1850 నాటిదన్న పటంలో చికాకోల్ పక్క నుంచి రైలు పట్టాలు పోతుంటే ఇంకేమీ చూడక్కర్లేదు.

## 9. తీర్పు ఎలా రాసివ్వాలి

ఫొటోల మీద నకిలీ అని గట్టిగా చెప్పవచ్చు, అసలుదని అంత గట్టిగా చెప్పలేం. అసలుదిగా కనబడితే "ఈ ఫొటోల్లో వ్యతిరేక గుర్తులు లేవు" అని రాయండి. మసిలో ఏముందో, ఆకు కచ్చితంగా ఎన్నేళ్లదో ఫొటో చెప్పదు. రాసేముందు ఇవి సరిచూసుకోండి:

- రాతకు, నష్టానికి వరుస చూపే చోట్లు కనీసం మూడు దొరికాయా?
- అవన్నీ ఒకే వైపు చూపిస్తున్నాయా?
- ఆకు గురించి, గాడి గురించి, మసి గురించి వేర్వేరుగా రాశానా?
- ఏ ఫొటో రాలేదో రాశానా?

75 ఏళ్లు దాటిన, చారిత్రక లేదా సాహిత్య విలువ ఉన్న రాతప్రతులు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తాయి. వాటితో వ్యాపారం చేయడానికి లైసెన్సు కావాలి, ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. కాబట్టి కొనే ఆలోచన ఉన్నవాళ్లు అమ్మేవాడి లైసెన్సు ముందే అడగాలి. ఇంట్లోనే దొరికిన కట్ట అయితే, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో తాళపత్రాల సేకరణ ఉంది, ముందు ఈ ఫొటోలు పంపి అడగండి. వాళ్లు రమ్మంటే, తాడు గట్టిగా బిగించకుండా రెండు చెక్కల మధ్య పెట్టి, నూలు గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి.